నగరానికి వచ్చిన మార్కుల్లో మన ఇంటి మాట ఎంత?

2021 మార్చి 4న కేంద్ర గృహనిర్మాణ, పట్టణ వ్యవహారాల శాఖ 111 నగరాలకు మార్కులు వేసి ఒక జాబితా విడుదల చేసింది. ఏ నగరంలో బతకడం ఎంత సులువో చెప్పే ‘ఈజ్ ఆఫ్ లివింగ్ ఇండెక్స్ 2020’ అది. పది లక్షలు దాటిన నగరాల్లో బెంగళూరు 66.70 మార్కులతో మొదటి స్థానంలో నిలిచింది. పుణె రెండోది, చెన్నై నాలుగోది, కోయంబత్తూరు ఏడోది, గ్రేటర్ ముంబై పదోది. పది లక్షల లోపు నగరాల్లో సిమ్లా మొదటిది, భువనేశ్వర్ రెండోది, కాకినాడ నాలుగోది. కర్ణాటక, తమిళనాడు, మహారాష్ట్ర, ఒడిశాల్లో తరాలుగా ఉంటున్న మనకు ఇవన్నీ తెలిసిన ఊళ్లే. యానాంవారికైతే కాకినాడ పక్క ఊరే.

అదే జాబితాలో ఇంకో లెక్క కూడా ఉంది. నగర సేవలు ఎలా ఉన్నాయని జనాన్నే అడిగి వేసిన మార్కులు అవి. ఆ లెక్కలో అన్నిటికన్నా పైన ఉన్నది భువనేశ్వర్. దాని తరువాత సిల్వాసా, దావణగెరె, కాకినాడ, బిలాస్‌పూర్, భాగల్పూర్ వరుసగా వచ్చాయి. మొత్తం మీద మొదటి స్థానం కొట్టిన బెంగళూరు ఈ ఆరింటిలో లేదు. పుణె, చెన్నై కూడా లేవు. ఆరు నగరాలూ పది లక్షల లోపువే.

ఇలాంటి సర్వే మళ్లీ 2022లో కూడా జరిగింది. ఆసారి 264 నగరాలను తీసుకున్నారు. నీటి సరఫరా మొదలు కరెంటు ఆఫీసు దాకా, బ్యాంకు మొదలు బస్సుల దాకా, ఈ రోజుల్లో ప్రతి సేవా సంస్థా వినియోగదారుల సంతృప్తి సర్వే పేరుతో ఏదో ఒక నివేదిక ఇస్తూనే ఉంది. అందులో ఒక అంకె పెద్ద అక్షరాల్లో పేపర్లో వస్తుంది. ఆ అంకె మన ఇంటి పరిస్థితి చెబుతోందా లేదా అన్నది ఎలా తేల్చుకోవాలి? 2020 సర్వేనే ఉదాహరణగా పెట్టుకుని నమూనా, మార్కు, విడగొట్టిన పట్టిక, పరిమితులు అనే నాలుగు భాగాలను ఒక్కొక్కటిగా చూద్దాం. మేము చెప్పదలచుకున్నది ఇదే: మొత్తం మీది మార్కు నగరపాలికకు పనికొస్తుంది. వందలో ఆరుగురుగా ఉన్న సమాజానికి పనికొచ్చేది విడగొట్టిన పట్టిక మాత్రమే, అదీ జాగ్రత్తగా చదివితేనే.

ఎవరిని అడిగారు?

2020 సర్వే జనవరి 16 నుంచి మార్చి 20 వరకు నడిచింది. 111 నగరాల్లో కలిపి 32.2 లక్షల మంది జవాబులిచ్చారు. సగటున నగరానికి సుమారు 29 వేల మంది. మొత్తం ఇండెక్స్‌లో ఈ జవాబులకు 30 శాతం బరువు ఇచ్చారు. మిగతా 70 శాతం జీవన ప్రమాణం, ఆర్థిక స్థితి, సుస్థిరత అనే మూడు అంశాల మీద సేకరించిన గణాంకాలది. బెంగళూరు మొదటి స్థానానికి ఎలా వచ్చిందో ఇక్కడే అర్థమవుతుంది. ఉద్యోగాలు, కాలేజీలు, ఆసుపత్రులు లెక్కపెడితే ఒక ఫలితం వస్తుంది. అక్కడ ఉంటున్నవాళ్లను ఎలా ఉందని అడిగితే ఇంకో ఫలితం రావచ్చు. రెండూ అబద్ధాలు కావు. అవి రెండు వేరు వేరు ప్రశ్నలకు జవాబులు.

29 వేల మంది అంటే చాలా పెద్ద నమూనా. జాబితాలోంచి చీటీలు తీసినట్టు యాదృచ్ఛికంగా ఎంచుకుంటే, వెయ్యి మందిని అడిగినా నగరం మొత్తం అభిప్రాయానికి మూడు శాతం అటూ ఇటూగా చేరుకోవచ్చు. 29 వేల మందైతే తేడా ఒక శాతం కూడా ఉండదు. అయితే ఈ లెక్క చీటీలు తీసినట్టు ఎంచుకున్నప్పుడే చెల్లుతుంది. ఈ సర్వే ఆన్‌లైన్‌లోనూ జరిగింది, ముఖాముఖిగానూ జరిగింది. ఆన్‌లైన్‌లో జవాబిచ్చేది లింకు అందినవాళ్లు, అది తెరిచే ఓపిక ఉన్నవాళ్లు. నగరపాలికలు తమ ఊరికి ఎక్కువ జవాబులు రావాలని ప్రచారం చేసుకున్నప్పుడు ఆ పిలుపు ఎవరి చెవిన పడిందో వాళ్లే ఎక్కువగా వస్తారు. కాలేజీ పిల్లలు, ఆఫీసులకు వెళ్లేవాళ్లు, వార్డు కార్యాలయంతో పరిచయం ఉన్నవాళ్లు ముందుంటారు. అద్దె ఇంట్లో ఉండి పొద్దున్నే పనికి వెళ్లే మనిషి, ఫోన్‌లో మాట్లాడటమే తప్ప ఫారం నింపడం తెలియని అవ్వ వెనకబడతారు.

ఇలాంటి వంకర నమూనా సైజు పెంచితే పోదు. ఒక బావి నీళ్లు ఉప్పగా ఉంటే ఒక బిందె తోడినా ఉప్పే, వంద బిందెలు తోడినా ఉప్పే. అందుకే నివేదికలో ఎంతమందిని అడిగారన్న అంకె కన్నా ముందు ఎలా ఎంచుకున్నారన్న వాక్యాన్ని వెతకాలి. ఓటర్ల జాబితా నుంచి తీశారా, మీటరు కనెక్షన్ల జాబితా నుంచి తీశారా, దారిన పోయేవాళ్లను ఆపి అడిగారా అన్నది అక్కడ రాసి ఉండాలి. మీటరు కనెక్షన్ల జాబితా నుంచి తీస్తే అద్దెకుంటున్నవాళ్లు జారిపోతారు, ఎందుకంటే కనెక్షన్ ఇంటి యజమాని పేరు మీద ఉంటుంది. కనెక్షనే లేక ట్యాంకరు నీళ్లు కొనుక్కునే ఇల్లు ఆ జాబితాలో అసలే ఉండదు. నీటి సేవతో ఎక్కువ ఇబ్బంది పడే ఇల్లే నీటి సర్వేలో కనబడదన్నమాట.

ఎంతమందిని అడిగితే ఎంతమంది జవాబిచ్చారన్నది కూడా చూడాలి. వెయ్యి తలుపులు తడితే మూడు వందలే తెరుచుకున్నాయనుకోండి. ఆ మూడు వందల మంది మిగతా ఏడు వందల మందిలాంటివాళ్లేనా? తలుపు తీయనివాళ్లలో మన భాషవాళ్లు ఎక్కువగా ఉన్నారా? ఈ ప్రశ్నలకు జవాబు ఇవ్వని నివేదికలో వచ్చిన శాతాలను నగరం మొత్తానికి అంటగట్టడం సరికాదు.

మార్కు ఎలా వచ్చింది?

సంతృప్తి సర్వేల్లో సాధారణంగా ఐదు మెట్ల జవాబు ఉంటుంది. ‘అస్సలు బాగాలేదు’కు ఒకటి, ‘చాలా బాగుంది’కి ఐదు. అందరి అంకెలనూ కలిపి సగటు తీస్తారు. ఒక చిన్న లెక్క చూడండి. ఇది కల్పించిన ఉదాహరణే, ఏ ఊరిదీ కాదు.

మొదటి ఊళ్లో వంద మందిని అడిగితే 60 మంది నాలుగు వేశారు, 40 మంది మూడు వేశారు. సగటు 3.6 వచ్చింది. రెండో ఊళ్లో 60 మంది ఐదు వేశారు, 10 మంది మూడు వేశారు, మిగిలిన 30 మంది ఒకటి వేశారు. అక్కడా సగటు 3.6 మాత్రమే. కొన్ని నివేదికలు సగటు మానేసి, నాలుగో ఐదో వేసినవాళ్ల శాతాన్ని ‘సంతృప్తి చెందినవారు’ అని చూపిస్తాయి. ఆ లెక్కన చూసినా రెండు ఊళ్లలోనూ 60 శాతమే. రెండు పద్ధతుల్లోనూ ఊళ్లు సమానంగా కనబడుతున్నాయి. కానీ మొదటి ఊళ్లో ‘అస్సలు బాగాలేదు’ అన్న మనిషి ఒక్కడూ లేడు. రెండో ఊళ్లో వందకు ముప్పై మంది అదే మాట అన్నారు.

ఆ ముప్పై మంది ఎవరు అన్నదే మన ప్రశ్న. అందుకే నివేదిక చేతికొస్తే మేము ముందు చూసేది అడుగు మెట్టు, అంటే ఒకటి వేసినవాళ్లు ఎంతమంది అన్నది. సగటు ఒక్కటే ఇచ్చి జవాబుల పంపిణీ ఇవ్వకపోతే ఆ నివేదికలో సగం సంగతి దాగిపోయినట్టే.

మార్కును వందకు మార్చేటప్పుడు కూడా తేడా వస్తుంది. 3.6ను ఐదుతో భాగించి వందతో గుణిస్తే 72 వస్తుంది. కానీ మెట్లు ఒకటి నుంచి మొదలవుతాయి కాబట్టి, అడుగు మెట్టును సున్నాగా, పై మెట్టును వందగా తీసుకుంటే అదే 3.6 వందకు 65 అవుతుంది. జవాబులు మారలేదు, మార్కు మాత్రం ఏడు మారింది. ఒక ఏడాది ఒక పద్ధతి, మరుసటి ఏడాది ఇంకో పద్ధతి వాడితే సేవ ఉన్నచోటే ఉన్నా మార్కు పెరిగిపోతుంది. ‘గతేడాది కన్నా ఏడు మార్కులు మెరుగు’ అని చదివినప్పుడు ముందు లెక్క పద్ధతి మారిందా, ప్రశ్న మారిందా, అడిగిన నెల మారిందా అని చూడాలి.

ఇంకో విషయం. సంతృప్తి అనేది సేవ ఎంత బాగుందో మాత్రమే చెప్పదు. మనం ఏం ఆశించామో కూడా అందులో కలిసి ఉంటుంది. గంటన్నర ట్రాఫిక్‌లో కూర్చుని లక్షల అడ్వాన్సు కట్టి అద్దెకు దిగిన బెంగళూరు మనిషి ఆశించేది ఒకటి. పదిహేను నిమిషాల్లో బజారు చేరుకునే దావణగెరె మనిషి ఆశించేది ఇంకొకటి. జనం మాటతో వేసిన మార్కుల్లో పైన నిలిచిన ఆరు నగరాలూ చిన్నవే కావడానికి ఇది ఒక కారణం కావచ్చు. ఆ నగరాల్లో సేవలు నిజంగా బాగుండి ఉండవచ్చు కూడా. మార్కు ఒక్కటి చూసి ఏది ఎంత అన్నది విడదీయలేం.

పట్టికను విడగొట్టి చూస్తే

సర్వే నివేదికలో మన సమాజానికి అసలు పనికొచ్చే భాగం క్రాస్ ట్యాబ్. జవాబులను రెండు వైపుల నుంచి కోసి చూపే పట్టిక అది. ఒకవైపు భాష, ఇంకోవైపు ఉంటున్న ప్రాంతం. లేదా ఒకవైపు సొంత ఇల్లు, అద్దె ఇల్లు, ఇంకోవైపు సేవ. ఈ పట్టిక ఎలా నిజం చెబుతుందో, ఎలా దారి తప్పిస్తుందో ఒక లెక్కతో చూద్దాం. ఇదీ ఊహించుకున్న నగరమే.

ఆ నగరంలో తెలుగు ఇళ్లు వందకు ఆరు. 2011 జనగణనలో కర్ణాటకలో తెలుగు మాతృభాషగా రాయించుకున్నవారు సుమారు 36 లక్షలు, తమిళనాడులో సుమారు 42 లక్షలు. రెండు రాష్ట్రాల్లోనూ జనాభాలో ఆరు శాతానికి కొంచెం తక్కువ. కాబట్టి ఆరు అన్నది మనకు దగ్గరగా ఉన్న అంకే.

వెయ్యి ఇళ్లను యాదృచ్ఛికంగా అడిగితే అందులో తెలుగు ఇళ్లు 60 వరకు వస్తాయి. 60 ఇళ్ల జవాబుతో వచ్చే శాతానికి 13 అటూ ఇటూ తేడా ఉంటుంది. సగం మంది బాగుందన్నారని తేలితే, నిజం 37కీ 63కీ మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. దాన్ని పట్టుకుని ఎవరితోనూ వాదించలేం. అందుకే సర్వే తెలిసినవాళ్లు చిన్న సమాజం నుంచి కావాలని ఎక్కువ ఇళ్లను తీసుకుంటారు. ఇక్కడ 300 తెలుగు ఇళ్లను, 700 ఇతర ఇళ్లను అడిగారనుకుందాం. 300 ఇళ్లైతే తేడా ఆరు శాతానికి తగ్గుతుంది. నీటి సరఫరా బాగుందన్నవాళ్లు ఇలా వచ్చారు.

| | పాత పేటలు | శివారు లేఅవుట్లు | మొత్తం |
|---|---|---|---|
| తెలుగు ఇళ్లు | 90లో 72 (80%) | 210లో 84 (40%) | 300లో 156 (52%) |
| ఇతర ఇళ్లు | 490లో 392 (80%) | 210లో 84 (40%) | 700లో 476 (68%) |

ముందు చివరి వరుస నిలువుగా చూడండి. తెలుగు ఇళ్లలో 52 శాతం, ఇతర ఇళ్లలో 68 శాతం. పదహారు పాయింట్ల తేడా. ‘తెలుగువారికి నీళ్లు ఇవ్వడం లేదు’ అని శీర్షిక పెట్టడానికి ఇంతకన్నా ఏం కావాలి? కానీ పక్క వరుసలు చూస్తే కథ వేరు. పాత పేటల్లో తెలుగు ఇంటికీ 80 శాతమే, ఇతరుల ఇంటికీ 80 శాతమే. శివారులో ఇద్దరికీ 40 శాతమే. ఒకే వీధిలో ఉన్న రెండు ఇళ్ల మధ్య భాష వల్ల తేడా రాలేదు. తెలుగు ఇళ్లలో పదికి ఏడు శివారులో ఉన్నాయి, ఇతర ఇళ్లలో పదికి మూడే ఉన్నాయి. పదహారు పాయింట్ల తేడా మొత్తం అక్కడి నుంచే వచ్చింది.

ఈ తేడా గ్రహించకపోతే నష్టం మనకే. భాషా వివక్ష అని అర్జీ పెడితే, అధికారి ఇదే పట్టిక తీసి అది అబద్ధమని ఒక్క నిమిషంలో చూపించగలడు. ఆ తరువాత మనం చెప్పే నిజమైన సమస్యకూ విలువ ఉండదు. శివారుకు పైపులైను కావాలని అడిగితే పక్కింటి కన్నడిగుడు, తమిళుడు, ఒడియావాడు కూడా మనతో వస్తాడు. అర్జీ మీద సంతకాలు రెట్టింపవుతాయి.

ఇక మొత్తం నగరం మార్కు సంగతి. తెలుగు ఇళ్లను కావాలని ఎక్కువగా తీసుకున్నాం కాబట్టి వెయ్యిలో 632 అని నేరుగా చెప్పకూడదు. నగరంలో ఉన్న పాళ్లకు సరిచేయాలి. 94 శాతం మందికి 68, ఆరు శాతం మందికి 52 అని లెక్కగడితే 67 వస్తుంది. పేపర్లో వచ్చేది ఈ 67. ఇతర ఇళ్ల అంకె 68కి ఇది ఒక్క పాయింటు దూరం. మన ఇళ్లలో సగం మంది ఇబ్బంది పడుతున్నా నగరం మార్కు ఒక్క పాయింటే కదిలింది. మొత్తం మార్కు ఎంత కచ్చితంగా ఉన్నా చిన్న సమాజం అందులో కనబడకపోవడానికి కారణం ఎవరి కుట్రా కాదు, కేవలం గుణకారం.

ఇప్పుడు అదే సర్వేలో రెండో ప్రశ్న: ఆఫీసుకు ఇచ్చిన ఫిర్యాదుకు అర్థమయ్యే జవాబు వచ్చిందా? పాత పేటల్లో ఇతరులు 75 శాతం అవునన్నారు, తెలుగువారు 55 శాతం. శివారులో ఇతరులు 70, తెలుగువారు 50. ఇక్కడ ప్రాంతం మార్చినా ఇరవై పాయింట్ల తేడా అలాగే ఉంది. ఇప్పుడు భాష వైపు వేలు చూపించడానికి ఆధారం ఉంది. అయినా రెండు సంగతులు చూసుకోవాలి. మొదటిది, ఈ ప్రశ్నకు జవాబివ్వగలిగేది ఫిర్యాదు ఇచ్చినవాళ్లే. 300 తెలుగు ఇళ్లలో అయిదోవంతు మందే ఫిర్యాదు ఇచ్చి ఉంటే మన దగ్గర ఉన్నవి మళ్లీ 60 జవాబులే, మళ్లీ 13 శాతం తేడా. పేటలుగా విడగొడితే ఇంకా తక్కువ. అందుకే ప్రతి శాతం కింద అది ఎంతమంది జవాబుల మీద వచ్చిందో రాసి ఉండాలి. రెండోది, వయసు, చదువు, అద్దె ఇల్లు లాంటివి కూడా ఇలాగే విడగొట్టి చూశాకే చివరి మాట చెప్పాలి.

తెలుగు ఇల్లు అంటే ఏది?

పట్టికలో ‘తెలుగు ఇళ్లు’ అని రాయడం తేలిక. లెక్కలో ఎవరు పడతారన్నది తేలిక కాదు. నాలుగు తరాలుగా అక్కడే ఉన్న ఇంట్లో అమ్మమ్మతో తెలుగు, బజారులో కన్నడమో తమిళమో, పిల్లలతో కొంత ఇంగ్లీషు నడుస్తుంది. సర్వే మనిషి ‘మీ భాష ఏది’ అని కన్నడంలో అడిగితే, కన్నడంలో మాట్లాడుతున్నారు కాబట్టి కన్నడమే అని చెప్పేవాళ్లు తక్కువేమీ కాదు. బయటివాళ్లుగా కనబడటం ఎందుకన్న సంకోచం కూడా ఉంటుంది. అప్పుడు స్థానిక భాష బాగా వచ్చిన తెలుగు ఇళ్లు ‘ఇతరుల’ గడిలోకి వెళ్లిపోతాయి. స్థానిక భాష సరిగా రానివాళ్లు, కొత్తగా వచ్చినవాళ్లు తెలుగు గడిలో మిగులుతారు. పట్టికలో కనబడే ఇబ్బంది పాత తెలుగువారిదో, నిన్న మొన్న ఉద్యోగానికి వచ్చినవారిదో తెలియదు.

అందుకే భాష గురించి ఒక ప్రశ్న చాలదు, మూడు కావాలి. మాతృభాష ఏది, ఇంట్లో ఎక్కువగా మాట్లాడేది ఏది, చదవడం రాయడం వచ్చిన భాష ఏది. చివరిది మన విషయంలో చాలా ముఖ్యం. మన ఇళ్లలో తెలుగు గడగడా మాట్లాడి ఒక్క అక్షరం కూడా చదవలేని యువత ఎంతోమంది ఉన్నారు. తెలుగు ఫారం అచ్చు వేశామని చెప్పినంత మాత్రాన తెలుగువారిని అడిగినట్టు కాదు. వాళ్లకు ప్రశ్నను తెలుగులో చదివి వినిపించే మనిషి కావాలి. ఎన్నో ఏళ్లు ఎక్కడున్నారన్న ప్రశ్న కూడా కలిపితే పాత కుటుంబాలనూ కొత్తగా వచ్చినవారినీ వేరుచేసి చూడవచ్చు.

నివేదిక తానే ఒప్పుకున్న పరిమితులు

మంచి నివేదిక చివర పరిమితులు అనే భాగం ఉంటుంది. చాలామంది అక్కడిదాకా వెళ్లరు. మేము అక్కడి నుంచే మొదలుపెట్టమంటాం. అందులో మూడు సంగతులు చూడాలి.

మొదటిది కాలం. 2020 సర్వే జనవరి నుంచి మార్చి వరకు జరిగింది. చెన్నైకి చెరువులు నింపేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వచ్చే ఈశాన్య రుతుపవనాల వాన. కాబట్టి జనవరి, ఫిబ్రవరిలో నీటి గురించి అడిగితే వచ్చే జవాబు వేరు, జూన్‌లో అడిగితే వచ్చే జవాబు వేరు. 2019 జూన్‌లో చెన్నైకి నీళ్లిచ్చే జలాశయాలు దాదాపు ఎండిపోయి బిందెల వరసలు దేశమంతా చూసింది. అప్పుడు అడిగి ఉంటే ఏ మార్కు వచ్చేదో ఊహించవచ్చు. నీటి సేవ మీద ఒకే విడత సర్వే చేస్తే దాన్ని ఆ కాలపు మార్కుగానే చదవాలి.

రెండోది అడిగిన మనిషి ఎవరన్నది. సేవ ఇచ్చే ఆఫీసు మనిషే గుమ్మంలో నిలబడి ‘మా సేవ ఎలా ఉందండీ’ అంటే, మొహం మీద బాగాలేదని చెప్పడానికి చాలామందికి నోరు రాదు. రేపు అదే ఆఫీసుకు పని మీద వెళ్లాలి కదా. ఇలా వచ్చే జవాబులు ఒక మెట్టు పైకి జరుగుతాయి. దీన్ని పట్టుకోవడానికి ఒక దారి ఉంది. ఆన్‌లైన్ జవాబులనూ ముఖాముఖి జవాబులనూ వేరువేరుగా చూపిస్తే, ఒకే వార్డులో రెండింటి మధ్య పెద్ద తేడా ఉందో లేదో కనబడుతుంది. అయితే ఆన్‌లైన్‌లో వచ్చేవాళ్లే వేరే రకం కాబట్టి ఆ తేడా మొత్తం మొహమాటం వల్లనే అని చెప్పలేం.

మూడోది లెక్కకు తీసుకున్న ప్రాంతం. 2020 జాబితాలో మార్కులూ ర్యాంకులూ నగరానికే ఇచ్చారు, వార్డుకో పేటకో కాదు. మన అవసరానికి నగరం చాలా పెద్దది. భాషా మైనారిటీలకు ఉన్న రక్షణలు కూడా ఇంతకన్నా చిన్న ప్రాంతాన్నే చూస్తాయి. ఒక జిల్లాలో గానీ తాలూకాలో గానీ జనాభాలో 15 శాతం మంది మాట్లాడే భాషలోకి ముఖ్యమైన నియమాలను, ప్రకటనలను అనువదించి ప్రకటించాలని ఆ రక్షణల పథకం చెబుతోంది. మైనారిటీ భాషలో అర్జీ తీసుకుని జవాబివ్వాలన్నది కూడా అందులో ఉంది. ఇవి అమలవుతున్నాయో లేదో చూసి రాష్ట్రపతికి నివేదించడానికి రాజ్యాంగం 350బి అధికరణం కింద ప్రత్యేక అధికారి ఉన్నారు. రాష్ట్రంలో ఆరు శాతంగా ఉన్నవాళ్లం కొన్ని సరిహద్దు తాలూకాల్లో 15 శాతం దాటి ఉంటాం. నగరం మొత్తానికో రాష్ట్రం మొత్తానికో ఒక్క మార్కు ఇచ్చే సర్వేలో ఆ తాలూకా కలిసిపోతుంది.

ఇక మన పని

ఇలాంటి నివేదిక వచ్చినప్పుడు మన తెలుగు సంఘాలు ఆ శాఖను అడగాల్సింది కొత్త సర్వే కాదు. ఇప్పటికే చేసిన సర్వేను భాష, వార్డు, సొంత ఇల్లు, అద్దె ఇల్లు అనే నాలుగు లెక్కల్లో విడగొట్టి, ప్రతి గడిలో ఎంతమంది ఉన్నారో చూపించమని అడగాలి. భాష గురించిన ప్రశ్నే లేదని జవాబు వస్తే, వచ్చే విడతలో చేర్చమని రాతపూర్వకంగా కోరాలి. ప్రశ్న ఉండి జవాబులు తక్కువగా ఉన్నాయంటే, మన ఇళ్లు ఎక్కువగా ఉన్న వార్డుల్లో అదనపు నమూనా తీయమని కోరాలి. మూడు వందల ఇళ్లు చాలు, మూడు లక్షలు అక్కరలేదు.

సంఘమే సొంతంగా చిన్న సర్వే చేయాలనుకుంటే వాట్సాప్ గ్రూపులో లింకు పెట్టి ఊరుకోవద్దు. గ్రూపులో ఉన్నవాళ్లు సంఘానికి దగ్గరివాళ్లే, ఫిర్యాదు ఉన్నవాళ్లే ముందు నింపుతారు. ఓటర్ల జాబితాలోంచి ప్రతి ఇరవయ్యో ఇంటిని తీసుకుని, తలుపు తీయని ఇంటికి ఇంకో రెండుసార్లు వెళ్లి, పక్కింటి కన్నడ, తమిళ, మరాఠీ, ఒడియా కుటుంబాన్ని కూడా అవే ప్రశ్నలు అడగాలి. పక్కింటివారి జవాబు లేకపోతే మన 52 శాతం ఎక్కువో తక్కువో చెప్పే ఆధారమే ఉండదు. ఎన్ని ఇళ్లు తీశారు, ఎన్ని తలుపులు తెరుచుకోలేదు, ఏ నెలలో అడిగారు అన్నది మన నివేదికలో కూడా మొదటి పేజీలోనే రాయాలి.

సర్వే మనిషి మన ఇంటికి వచ్చినప్పుడు భాష అడిగితే ఇంట్లో మాట్లాడే భాష చెప్పాలి, స్థానిక భాష వచ్చని కూడా చెప్పాలి. రెండూ నిజమే కదా. నీళ్లు రాకపోతే మొహమాటానికి నాలుగు వేయకుండా ఒకటే వేయాలి. నగరం మార్కు దానివల్ల కదలకపోవచ్చు. కానీ ఎప్పుడైనా ఎవరైనా ఆ పట్టికను వార్డుల వారీగా విడగొట్టినప్పుడు, మన వీధి గడిలో కనబడేది ఆ ఒకటే.